చీర ధరకి చీరల సంఖ్యని కూడతామా? మూడో ఫ్లోర్ ఇన్సెంటివ్ పంపకంపై బహిరంగ లేఖ

ఓనర్ గారికి, అకౌంట్స్ సార్‌కి, మూడో ఫ్లోర్ పట్టు సెక్షన్‌లో నాతోపాటు పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే అందరికీ నమస్కారం.

ఆబిడ్స్‌లోని మన షోరూంలో పద్నాలుగేళ్లుగా పట్టు చీరలు చూపిస్తున్నాను. ఇన్నేళ్లలో యాజమాన్యానికి ఒక్క కాగితం రాసింది లేదు. ఈ లేఖ జీతం పెంచమని కాదు, ఇన్సెంటివ్ శాతం పెంచమనీ కాదు. దీపావళికి చట్టప్రకారం ఇచ్చే 8.33 శాతం బోనస్ సంగతి వేరు, దాని జోలికి నేను పోవట్లేదు. సెక్షన్ అమ్మకాల మీద నెలనెలా మా ఎనిమిది మందికీ కలిపి ఇచ్చే డబ్బుంది కదా, దాన్ని మా మధ్య పంచే లెక్క తప్పుగా ఉంది. ఆ తప్పు ఎక్కడుందో చూపించడానికి రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. నేను అడిగినట్టు లెక్క మారిస్తే నాకొచ్చే డబ్బు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో కూడా కింద రాశాను.

ఆగస్టు నెలే తీసుకుందాం. శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతం గిరాకీ. మెట్ల మీద కూడా జనమే. ఆ నెల మా సెక్షన్‌కి వచ్చిన ఇన్సెంటివ్ మొత్తం 61,200 రూపాయలు. వారం సెలవులు పోను పనిదినాలు 26. ఎవరు ఎన్ని రోజులు వచ్చారంటే:

ఇన్‌చార్జి గారు 9 రోజులు
నేను (సీనియర్) 26 రోజులు
రెండో సీనియర్ అన్న 25 రోజులు
జూనియర్లు ముగ్గురు 26, 23, 26 రోజులు
హెల్పర్లు ఇద్దరు 26, 24 రోజులు

ఇన్‌చార్జి గారి కూతురి పెళ్లి. వరంగల్‌లో చేశారు, మేమంతా వెళ్లి భోంచేసి వచ్చాం. ఆయన సెలవు పెట్టడం తప్పని ఎవరూ అనరు. ఆయన మీద నాకు కోపం లేదు, నా పేచీ అంతా లెక్కతోనే.

ఇప్పుడున్న పద్ధతి గోడ మీద అతికించిన కాగితంలో ఉంది. హోదాకి కొన్ని పాయింట్లు: ఇన్‌చార్జికి 10, సీనియర్‌కి 8, జూనియర్‌కి 6, హెల్పర్‌కి 4. హాజరుకి విడిగా పాయింట్లు: 26 రోజులూ వస్తే 10, 24 గానీ 25 గానీ వస్తే 5, అంతకంటే తక్కువైతే సున్నా. రెండూ కూడితే ఆ మనిషి పాయింట్లు. అందరి పాయింట్లూ కలిపి, ఉన్న డబ్బుని దాంతో భాగిస్తే పాయింటు విలువ వస్తుంది.

ఆగస్టులో అందరివీ కలిపి 102 పాయింట్లయ్యాయి. 61,200ని 102తో భాగిస్తే పాయింటుకి సరిగ్గా 600. నాకు 18 పాయింట్లు, 10,800 రూపాయలు. అన్నకి 13 పాయింట్లు, 7,800. ఆయన నాకంటే ఒక్క రోజే తక్కువ వచ్చాడు. ఆ ఒక్క రోజుకి మా ఇద్దరి మధ్య మూడు వేలు తేడా.

ఇంతకంటే ఘోరం ఇంకోటుంది. మా జూనియర్ అమ్మాయికి నెల మధ్యలో జ్వరం వచ్చి మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు హ్యాండ్‌బ్యాగులో మాత్రలు పెట్టుకుని వచ్చి, గోడకి ఆనుకునే చీరలు చూపించింది. ఆమెకి హోదా 6, హాజరు సున్నా, మొత్తం 6 పాయింట్లు, 3,600 రూపాయలు. తొమ్మిది రోజులు వచ్చిన ఇన్‌చార్జి గారికి హోదా 10, హాజరు సున్నా, మొత్తం 10 పాయింట్లు, 6,000 రూపాయలు. స్లిప్పులు వచ్చిన రోజు మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్నాం. ఆ అమ్మాయి స్లిప్పు చూసి, మడిచి, డబ్బా మూత కింద పెట్టి పెరుగన్నం తినేసింది. ఏమీ అనలేదు. వచ్చిన రోజులతో భాగించి చూస్తే ఇన్‌చార్జి గారికి రోజుకి 666 రూపాయలు పడింది, ఆమెకి 156. హోదా పాయింట్లు చూస్తేనేమో పదికి ఆరు. మరి డబ్బు నాలుగింతల తేడా ఎలా వచ్చింది?

కూడిక వల్ల వచ్చింది. హోదా పాయింటు అంటే ఆ మనిషి పనిలో ఒక రోజు విలువ. హాజరు అంటే అలాంటి రోజులు ఎన్ని అని. ఒకటి ధర, ఇంకొకటి సంఖ్య. ఎనిమిది వేల గద్వాల చీరలు మూడు కొన్న కస్టమర్‌కి మన బిల్లింగ్ కౌంటర్‌లో 8,003 అని బిల్లు వేస్తారా? గుణిస్తారు. మా పాయింట్ల దగ్గర మాత్రం కూడుతున్నారు. కూడిన చోట హోదా పాయింట్లు మనిషి రాకపోయినా నిలిచే ఉంటాయి. నెలంతా రాకుండా ఒక్క రోజు మొహం చూపించి వెళ్లినా ఇన్‌చార్జికి 10 పాయింట్లు భద్రం.

ఇక 24 రోజుల గీత. ఆ గీత వల్ల ఫ్లోర్ మీద ఏం జరుగుతోందో ఓనర్ గారికి పై నుంచి కనబడకపోవచ్చు. నెల చివరి వారంలో దగ్గుతూ, ముక్కు తుడుచుకుంటూ పనికి వచ్చేవాళ్లుంటారు, ఎందుకంటే ఇంకొక్క రోజు పోతే 5 పాయింట్లు పోతాయి. అదే నెలలో మూడు రోజులు ఎలాగూ పోయినవాళ్లకి నాలుగో రోజు, ఐదో రోజు పోయినా పైసా తేడా లేదు. 23 రోజులు వచ్చినా, 13 రోజులు వచ్చినా హాజరు పాయింట్లు సున్నాయే. హాజరు పెంచడానికి పెట్టిన నిబంధన, నెల మొదట్లో జ్వరం వచ్చినవాళ్లకి మిగతా నెలంతా సెలవు పెట్టుకోమని చెబుతోంది. మా అమ్మాయి అలా చేయలేదంటే అది ఆమె మంచితనం.

పాయింట్ల గురించి ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే దీనికి మేమంతా చప్పట్లు కొట్టాం. పోయిన దీపావళికి ముందు హోదా పాయింట్లు 8, 6, 4, 2గా ఉండేవి. మీటింగ్ పెట్టి అందరికీ తలా రెండు పెంచారు. స్వీట్లు కూడా పంచారు. పాయింట్లు పెరిగాయి గానీ, పంచే డబ్బు పెరగలేదు కదా. ఆగస్టు లెక్కనే పాత పాయింట్లతో వేసి చూశాను. మొత్తం 86 పాయింట్లు, పాయింటు విలువ 711 రూపాయల 63 పైసలు. నాకు 16 పాయింట్లకి 11,386 వచ్చేది. ఇప్పుడు 18 పాయింట్లకి 10,800. 26 రోజులూ వచ్చిన హెల్పర్‌కి 12 పాయింట్లకి 8,540 వచ్చేది, ఇప్పుడు 14 పాయింట్లకి 8,400. అంటే ఆ పెంపుతో 26 రోజులూ వచ్చిన ప్రతి మనిషికీ ఆగస్టులో డబ్బు తగ్గింది. ఎవరికి పెరిగింది? సగటు కంటే తక్కువ పాయింట్లున్న వాళ్లకి, అంటే ఎక్కువ రోజులు రానివాళ్లకి. ఎవరో కావాలని చేశారని అనట్లేదు. అందరికీ సమానంగా కలిపితే అందరికీ సమానంగా పెరుగుతుందనుకున్నాం, అంతే. పంచుకునే లెక్కలో ఒకరి పాయింట్లకి విడిగా అర్థం ఉండదు, మొత్తంలో అది ఎన్నో వంతు అన్నదే లెక్క.

సరే, గుణిస్తే ఏమవుతుంది? హోదా పాయింటుని వచ్చిన రోజులతో గుణిద్దాం. ఇన్‌చార్జి గారికి 10 ఇంటూ 9, 90 పాయింట్లు. నాకు 8 ఇంటూ 26, 208. జ్వరం వచ్చిన అమ్మాయికి 6 ఇంటూ 23, 138. అందరివీ కలిపితే 1,148. పాయింటుకి 53 రూపాయల 31 పైసలు. ఆమెకి 7,357 వస్తుంది, ఇన్‌చార్జి గారికి 4,798. ఇక్కడిదాకా బాగుందనిపించింది నాకు. రాత్రి ఇంట్లో నా కూతురి నోటుబుక్కు వెనక పేజీలో వేసుకున్న లెక్క ఇది.

తర్వాత హెల్పర్ల వరుసకి వచ్చాను. 26 రోజులూ వచ్చిన హెల్పర్‌కి 4 ఇంటూ 26, 104 పాయింట్లు, 5,544 రూపాయలు. ఇప్పుడు అతనికి 8,400 వస్తోంది. ఒక్క రోజు కూడా మానని మనిషికి రెండు వేల ఎనిమిది వందలు కోసేసి, నాకు మాత్రం 11,089కి పెంచే లెక్క అది. పెన్ను పక్కన పెట్టేశాను.

అక్కడ నాకు అర్థమైంది ఏంటంటే, కూడిక పద్ధతిలో ఒక మంచి ఉంది, అది కనబడకుండా దాక్కుని ఉంది. హాజరుకి ఇచ్చే 10 పాయింట్లు ఇన్‌చార్జికైనా హెల్పర్‌కైనా ఒకటే. దానివల్ల హోదా తేడా మెత్తబడుతోంది. గుణించేసరికి ఆ మెత్తదనం పోయి, 10కి 4 అన్న తేడా మొత్తం బయటపడింది. అంటే 10, 8, 6, 4 అన్న వరుస కూడికకి సరిపోయింది గానీ, గుణకారానికి పనికిరాదు. పద్ధతి మారిస్తే వెయిటేజీలు కూడా మార్చాలి. ఈ రెండో పని మరిచిపోయి మొదటిది చేస్తే, పై నుంచి చూడ్డానికి లెక్క న్యాయంగా ఉంటుంది, కింద హెల్పర్ల కడుపు కొడుతుంది.

వెయిటేజీ ఎంత ఉండాలో ఊహల్లో తేలదు. ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇన్‌చార్జి ఒక రోజు పని, హెల్పర్ ఎన్ని రోజుల పనితో సమానం? 10కి 4 అంటే రెండున్నర రోజులు. ఒకసారి శ్రావణ శుక్రవారం మధ్యాహ్నం మా పరుపు దగ్గర నిలబడి చూడండి. ఒక కుటుంబం వచ్చి నలభై చీరలు విప్పించి ఒకటి తీసుకుంటుంది. మిగతా ముప్పై తొమ్మిది ఎవరు మడుస్తారు? జరీ అంచు నలగకుండా, పల్లూ పైకి కనబడేలా, పాత మడత గీత మీదే మళ్లీ మడత వచ్చేలా మడవాలి. కొత్త గీత పడితే చీర పాతదానిలా కనిపిస్తుంది, తర్వాతి కస్టమర్ ధర తగ్గించమంటుంది. ఆ ముప్పై తొమ్మిదీ మడిచి షెల్ఫులో పెడితేనే నా ముందు పరుపు ఖాళీ అవుతుంది, ఇంకో కుటుంబాన్ని కూర్చోబెట్టగలను. హెల్పర్ రాని రోజు నా అమ్మకం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పైగా హోదా తేడా జీతంలో ముందే ఉంది. ఇన్సెంటివ్‌లో అదే తేడాని మళ్లీ అంత బలంగా పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం. ఇన్‌చార్జి గారు ఒప్పుకోకపోవచ్చు.

అందుకని 8, 7, 6, 5 అని వేసి చూశాను. ఇన్‌చార్జి ఒక రోజు హెల్పర్ రోజున్నర కంటే కాస్త ఎక్కువ, 1.6 రోజులు. ఈ అంకెలు ఎక్కడి నుంచో ఊడిపడలేదు. పాత 10, 8, 6, 4కి తలా 6 కలిపితే 16, 14, 12, 10 అవుతాయి, వాటిని సగం చేస్తే ఇవే. సగం చేసినా, రెట్టింపు చేసినా పంపకం మారదు, నిష్పత్తే ముఖ్యం. తలా ఆరు కలపడం వల్ల మాత్రం తేడా మెత్తబడింది. దీపావళికి తెలియక చేసిన పనినే ఇక్కడ తెలిసి చేస్తున్నాను.

ఈ వెయిటేజీలతో ఆగస్టు ఇలా వస్తుంది. మొత్తం పాయింట్లు 1,129, పాయింటు విలువ 54 రూపాయల 21 పైసలు.

ఇన్‌చార్జి గారు: 72 పాయింట్లు, 3,903 రూపాయలు
నేను: 182 పాయింట్లు, 9,866
అన్న: 175 పాయింట్లు, 9,486
26 రోజులు వచ్చిన జూనియర్లు ఇద్దరికీ తలా 156 పాయింట్లు, 8,456
జ్వరం వచ్చిన అమ్మాయి: 138 పాయింట్లు, 7,481
26 రోజులు వచ్చిన హెల్పర్: 130 పాయింట్లు, 7,047
24 రోజుల హెల్పర్: 120 పాయింట్లు, 6,505

నాకూ అన్నకూ మధ్య ఒక్క రోజు తేడాకి ఇప్పుడు 380 రూపాయలు, మూడు వేలు కాదు. మూడు రోజులు రాని అమ్మాయికి, పూర్తిగా వచ్చిన జూనియర్లకి మధ్య 975, ఆరు వేలు కాదు. రాని రోజుకి డబ్బు తగ్గుతుంది, వచ్చిన రోజులకి వచ్చిన డబ్బుని అది మింగదు. గీత లేదు కాబట్టి 22వ రోజుకి ఎంత విలువో 26వ రోజుకీ అంతే.

దీనివల్ల నష్టపోయేవాళ్లం ఉన్నాం. నాకు 934 తగ్గుతుంది. పూర్తిగా వచ్చిన జూనియర్లకి తలా 1,144, పూర్తిగా వచ్చిన హెల్పర్‌కి 1,353, ఇన్‌చార్జి గారికి 2,097. ఆ డబ్బంతా అమ్మాయికి, అన్నకి, 24 రోజుల హెల్పర్‌కి వెళ్తుంది. ఓనర్ గారి జేబులోంచి ఒక్క రూపాయి అదనంగా పోదు, ఒక్క రూపాయి మిగలదు కూడా. 26 రోజులూ వచ్చినవాళ్లకి ఏదో ఒకటి ప్రత్యేకంగా ఇవ్వాలని ఉంటే, పూర్తి హాజరుకి ఒక రోజు అదనంగా లెక్కేయండి, 27గా. పెద్ద గీత గీయొద్దు, చాలు.

రోజుల బదులు శాతం పెట్టొచ్చు కదా అని అకౌంట్స్ సార్ ఒకసారి అన్నారు. అందరి రోజుల్నీ అదే 26తో భాగిస్తే పంపకం ఏమీ మారదు, పైనా కిందా ఒకే అంకె కొట్టేసుకుపోతుంది. కానీ ఎవరి రోజుల్ని వారి పనిదినాలతో భాగిస్తే మాత్రం చిక్కు. నెల ఆఖరి పది పనిదినాల్లో చేరిన కొత్త కుర్రాడు పదికి పది రోజులూ వస్తే నూరు శాతం హాజరు. నెలంతా చెమటోడ్చిన వాడితో సమానంగా తీసుకుంటాడు. పక్క షోరూంలో పనిచేసే మా బామ్మర్ది దగ్గర అచ్చం ఇలాగే జరిగింది. అందుకే శాతం వద్దు, రోజులే రాయండి. సగం రోజు వస్తే అర అని రాయండి. వారం సెలవు వదులుకుని వచ్చినవాళ్లకి ఆ రోజు కూలీ వేరే ఇవ్వాల్సిందే, ఈ లెక్కలో కూడా 27 అని రాయండి, 26 దగ్గర ఆపొద్దు.

అకౌంట్స్ సార్ ఎక్సెల్‌లో వేస్తారు కాబట్టి ఆయన కోసం ఇది. నా కూతురు రాసిచ్చింది. B నిలువు వరుసలో వెయిటేజీ, C నిలువు వరుసలో రోజులు, D నిలువు వరుసలో పాయింట్లు, E నిలువు వరుసలో డబ్బు, G1లో మొత్తం ఇన్సెంటివ్. ఎనిమిది మందీ 2 నుంచి 9 అడ్డు వరుసల్లో ఉంటారు.

```
D2:  =B2*C2
E2:  =ROUNDDOWN(D2*$G$1/SUM($D$2:$D$9),0)
G2:  =G1-SUM(E2:E9)
```

SUM లోపలి డాలరు గుర్తులు మరిచిపోతే కిందికి లాగినప్పుడు పాయింట్ల మొత్తం కూడా కిందికి జారిపోతుందట, చివర ఉన్నవాళ్లకి విపరీతంగా ఎక్కువ పడుతుందట. పాయింటు విలువని ముందే గుండ్రం చేయడం కూడా తప్పే. 54 రూపాయలు అనేసి పంచితే 60,966 మాత్రమే పంచినట్టు, 234 రూపాయలు ఎటుపోయాయో ఎవరికీ తెలియదు. అందుకే పైన ఇచ్చినట్టు ప్రతివాళ్లకీ పైసలు మాత్రమే వదిలేస్తాం. ఆగస్టులో అలా వదిలితే 61,195 అవుతుంది, G2లో 5 రూపాయలు మిగులుతాయి. ఎవరి పైసలు ఎక్కువ వదిలేశామో వాళ్లకి వరసగా ఒక్కో రూపాయి ఇస్తే సరిపోతుంది. మొదటి రూపాయి 7,046 రూపాయల 94 పైసల దగ్గర ఆగిన హెల్పర్‌కి, తర్వాత ఇన్‌చార్జి గారికి, అలా ఐదుగురికి. ఐదు రూపాయలకి ఇంత గొడవా అనుకోవద్దు. కాగితం మీద కూడితే సరిగ్గా 61,200 రావాలి. రాకపోతే మా ఫ్లోర్ మీద ఆ ఐదు రూపాయల గురించి వారం రోజులు మాట్లాడుకుంటారు, నాకు తెలుసు.

ఇంక రెండు విషయాలున్నాయి. లెక్క ఎంత బాగున్నా, దానిలోకి వెళ్లే అంకెలు తప్పైతే ప్రయోజనం లేదు.

ఒకటి వేలిముద్ర మిషన్. 24 రోజుల హెల్పర్, మేం తమ్ముడు అని పిలిచే అతను, నిజానికి 26 రోజులూ వచ్చాడు. రెండు రోజులు మిషన్ అతని వేలు తీసుకోలేదు. రోజంతా పట్టు మీద, అట్టపెట్టెల మీద రుద్దుకుని వేలి చివర గీతలు అరిగిపోయాయి. పొద్దున ఆ మిషన్ ముందు వేలు నోట్లో తడుపుకుని, ప్యాంటుకి తుడుచుకుని, మళ్లీ పెట్టి, మళ్లీ ఎర్ర లైటు చూస్తూ నిలబడ్డాడు. వెనక పదిమంది క్యూలో ఉన్నారు. తర్వాత చూద్దాంలే అని పైకి వచ్చేశాడు, ఆ తర్వాత మరిచిపోయాడు. ఆ రెండు రోజులకి ఇప్పటి పద్ధతిలో అతనికి పోయింది 5 పాయింట్లు. ఇలాంటివి దొరకాలంటే డబ్బు పంచకముందే రోజుల లిస్టు గోడ మీద పెట్టాలి. నెల మారాక రెండో తేదీన పెట్టి, రెండు రోజులు టైం ఇచ్చి, తప్పులుంటే కెమెరాలో చూసి దిద్ది, ఆ తర్వాతే పాయింట్లు వేయండి. ఇప్పుడు స్లిప్పులో డబ్బు మాత్రమే కనబడుతుంది. ఎన్ని రోజులు లెక్కేశారో, మొత్తం పాయింట్లు ఎన్నో ఉండవు. తన పాయింట్లు మాత్రమే తెలిసి మొత్తం తెలియని మనిషి తనకి రావాల్సింది లెక్కేసుకోలేడు.

రెండోది, ఇన్‌చార్జి గారు లేని 17 రోజులు ఆ పని చేసింది రెండో సీనియర్ అన్న. డిస్కౌంట్ మీద సంతకం, గోడౌన్‌కి ఫోన్లు, కస్టమర్లతో గొడవలు, అన్నీ ఆయనే చూసుకున్నాడు. హోదా నెలకి ఒకసారి నిర్ణయమైపోయేది కాకుండా రోజువారీగా రాస్తే ఇది కూడా ఇట్టే తేలిపోతుంది. అన్నకి 17 రోజులు 8 చొప్పున 136, మిగతా 8 రోజులు 7 చొప్పున 56, మొత్తం 192 పాయింట్లు, 175 కాదు. రోజుల లిస్టులో పక్కన ఒక గడి పెడితే చాలు, ఆ రోజు ఎవరు ఏ పని చేశారో రాయడానికి. ఇన్‌చార్జి గారి సంతకం కూడా దాని మీద ఉండాలి, లేకపోతే అందరూ సీనియర్లమే అంటారు.

ఈ నెలాఖరుకి బతుకమ్మ, దసరా అమ్మకాల డబ్బు వస్తుంది. అది ఆగస్టు కంటే ఎక్కువే ఉండొచ్చు. దానికి కొత్త లెక్క వేయమని అడుగుతున్నాను. వెయిటేజీలు 8, 7, 6, 5 వద్దనుకుంటే మీరే కూర్చోబెట్టి మాట్లాడండి. హెల్పర్లని కూడా ఆ మీటింగ్‌కి పిలవండి, దీపావళి మీటింగ్‌కి వాళ్లు షెల్ఫులు సర్దుతున్నారని పిలవలేదు.

ఆగస్టు డబ్బు పంచేశారు, తిరిగి తీసుకోమని ఎవరినీ అడగలేం. కానీ తమ్ముడి రెండు రోజులు, అన్న 17 రోజులు కలిపి ఆ నెల లెక్క సరిగ్గా వేస్తే ఎలా ఉండేదో కూడా చూశాను. తమ్ముడికి 10 పాయింట్లు, అన్నకి 17 పెరుగుతాయి. మొత్తం 1,156. పాయింటుకి 52 రూపాయల 94 పైసలు. నాకు 9,635 రూపాయలు వచ్చేవి, తీసుకున్నదానికంటే 1,165 తక్కువ. మా ఆవిడకి చూపిస్తే, "మరి ఆ 1,165 ఎవరిది?" అంది.

ఇట్లు,
పట్టు సెక్షన్ సీనియర్ సేల్స్‌మన్,
మూడో ఫ్లోర్, ఆబిడ్స్, హైదరాబాద్